పన్నెండు వోల్టులు సరిగ్గానే ఉన్నాయి

కెపాసిటర్లు ఉబ్బిపోయి ముప్పై ఎనిమిది బోర్డులు తిరిగొచ్చాయి. మేనేజరు వాటిని టెస్ట్ రూములో పొడుగు బల్ల మీద వరసగా పేర్పించాడు. అవి నేను డిజైను చేసిన మొదటి బోర్డులు. ఇరవై నాలుగు వోల్టులు తీసుకుని పన్నెండు ఇచ్చే బక్ కన్వర్టర్లు. నా ప్రొబేషను ఆ వారంతో ముగుస్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ప్రతి బోర్డు మీదా మా మామయ్య వేసిన ‘పాస్’ ముద్ర ఉంది. ఆయన అమ్మకు తమ్ముడు. పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలో టెక్నీషియను. నా దరఖాస్తును మేనేజరు చేతికి ఇచ్చింది ఆయనే.

ఒక బోర్డు ఆన్ చేసి, ఇండక్టరు కాయిల్ తీగకు కరెంట్ ప్రోబు తగిలించాను. స్కోపు తెర మీద కరెంటు గీత రంపపు పళ్ళలా కనిపించింది. రిపుల్, అంటే ఆ గీత ఎక్కి దిగే ఎత్తు, సున్నా పాయింట్ ఆరు ఆంపియర్లు ఉండాలి. రెండు పాయింట్ ఏడు ఉంది. విప్పి చూస్తే, వంద మైక్రోహెన్రీల కాయిల్ ఉండాల్సిన చోట ఇరవై రెండుది. స్టోర్సు వాళ్ళు పొరపాటున పంపారు. చూపుకి రెండూ కవలలే.

“మరి మీటరులో పన్నెండెలా వచ్చింది?” అన్నాడు మేనేజరు.

“కరెంటు సున్నాకి పడనంతవరకూ అవుట్‌పుట్ డ్యూటీ సైకిల్‌ని బట్టే ఉంటుంది సార్. స్విచ్ సగం సేపు ఆన్‌లో ఉంటే సగం వోల్టేజీ. కాయిల్ చిన్నదైతే కరెంటు నిటారుగా ఎక్కి నిటారుగా దిగుతుంది, అంతే. లోడు రెండు ఆంపియర్లు కాబట్టి కింద సున్నాని తాకలేదు. ఆ ఊపంతా కెపాసిటర్లు మింగాయి. నాలుగు నెలలకి ఉబ్బాయి.”

ఆయన తలాడించి మామయ్యను పిలిపించాడు. గదిలో ఉన్న పదిమందీ పని ఆపారు.

“ఏవయ్యా, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా? పందొమ్మిదేళ్ళు మీటరు పట్టుకుని నేర్చుకున్నది ముద్ర గుద్దడమేనా?”

కొందరు నవ్వారు. మామయ్య టెస్ట్ షీట్ తీసి చూపించాడు.

“ఇందులో రాసినవన్నీ చూశానండీ. డ్యూటీ సగం, అవుట్‌పుట్ పన్నెండు. రెండూ సరిపోయాయి. రిపుల్ కొలవమని ఇందులో లేదు.” నా వైపు తిరిగాడు. “నువ్వే చెప్పమ్మడూ. లేదు కదా?”

లేదు. ఆ షీట్ రాసింది నేను. రిపుల్ కొలవాలంటే ప్రతి బోర్డుకీ ఇండక్టరు దగ్గర తీగ లేపి ప్రోబు తగిలించాలి, పది నిమిషాలు పడుతుంది. అవుట్‌పుట్ సరిగ్గా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని వదిలేశాను. ఇండక్టరు ఎంతదైనా ఆ పన్నెండు మారదని పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినదాన్నే.

“అన్నీ రాసిపెట్టాలా మామయ్యా? చేత్తో ముట్టుకుంటే వేడి తెలియదా?” అన్నాను.

“నిమిషమేగా తల్లీ ఆన్‌లో ఉంచేది. నిమిషానికి ఏం వేడెక్కుతుంది?”

ఆయన చెప్పింది నిజం.

“ఆ మాత్రం కనిపెట్టలేకపోతే ఇక అనుభవం దేనికి?”

ఈసారి అందరూ నవ్వారు. మామయ్య షీట్‌ని నాలుగు మడతలు పెట్టబోయి, అది కంపెనీదని గుర్తొచ్చి కాబోలు, బల్ల మీద పెట్టి చేత్తో సాపుచేశాడు. “పొరపాటు నాదేనండీ” అని బ్యాడ్జి తీసి దాని పక్కన ఉంచాడు. మేనేజరు వద్దనలేదు.

మధ్యాహ్నం మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు.

“షీట్‌లో రిపుల్ లేదని నాకు తెలుసు. కింద సంతకం ఎవరిదనుకున్నావు? నాదే. ఎవరో ఒకరు పోవాలి, నువ్వు బాగా మాట్లాడావు. ఆ లైను చేర్చి పాత తేదీతో ప్రింటు తియ్యి.”

తీశాను. ఆయన సంతకం చేసి, నన్ను పర్మనెంటు చేసిన కాగితం నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం బస్టాపులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. “మామయ్య మనింటికొచ్చి కూర్చున్నాడే. నోరు విప్పట్లేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆఫీసులో ఏమైనా అయిందా?”

“ఏం లేదమ్మా. నా ఉద్యోగం పర్మనెంటయింది.”

“అయ్యో నా బంగారుతల్లీ!” అమ్మ ఫోన్ పక్కకు తిప్పి అరవడం వినిపించింది. “ఒరే తమ్ముడూ, విన్నావా? నువ్వు వేయించిన ఉద్యోగమేరా, నిలబడింది! ఇంద, నీ మేనకోడలితో నువ్వే మాట్లాడు!”

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. అవతల ఊపిరి వినిపిస్తోంది. బస్సు వచ్చింది, ఎక్కాను. టిక్కెట్టు తీసుకున్నాను. ఫోన్ చెవికే ఆనించి కిటికీ పక్కన కూర్చున్నాను. అమ్మ వెనకనుంచి నవ్వుతూనే ఉంది.