గెలిచిన మొహం కాదది

రౌటర్ వైరు పీకింది నేనే. పీకి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా నడుం మీద చెయ్యేసుకుని హాల్లో నిలబడ్డాను. మరుక్షణం లోపలి గదిలోంచి కేక వినపడింది.

"నాన్నా! మ్యాచ్ మధ్యలో కట్ చేశావా? నా వల్ల టీమ్ మొత్తం ఓడిపోయింది!"

మా అమ్మాయి పదో తరగతి. తలుపు ధడాలున వేసుకుంది. భోజనానికి పిలిస్తే పలకలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. దాని ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేద్దామని లేచాను.

"కూర్చోండి," అంది మా ఆవిడ, బట్టలు మడతపెడుతూనే. ఆమె పిల్లల ఆసుపత్రిలో నర్సు. ఎవరు ఎంత అరిచినా గొంతు పెంచదు, అదే నాకు కోపం.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నేర్చుకునేవాళ్ల పక్కన నేను కూర్చునే చోట, నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది.

"మీ కాలి కింద బ్రేకు ఊరికే తొక్కేస్తారా?" అని అడిగింది మా ఆవిడ.

"ఊరికే ఎందుకు తొక్కుతాను? ముందు చెప్తాను. ఎదురుగా లారీ వస్తేనే చెప్పకుండా తొక్కేది."

"మరి ఇందాక మన హాల్లోకి లారీ వచ్చిందా?"

నేను కుర్చీలో కూర్చున్నాను.

"రోజుకి ఎన్ని గంటలు ఆడుతోందన్నదొక్కటే చూస్తే తేలదండీ. ఆట కోసం ఏమేం వదిలేస్తోందో చూడండి. బ్యాడ్మింటన్ అంటే ప్రాణం పెట్టేది, ఇప్పుడు బ్యాట్ ముట్టుకోవడం లేదు. నిద్ర చాలక క్లాసులో తూలుతోందని టీచర్ ఫోన్ చేసింది. ఆపమంటే మీద పడుతోంది. దుప్పటి కింద దాక్కుని ఆడుతోంది. నెలల తరబడి ఇదే వరస. మాట్లాడాలి, కాదనను. కానీ ఆట మధ్యలో కాదు. మీరిలా ఉడికిపోతున్నప్పుడు అస్సలు కాదు."

వైరు మళ్లీ పెట్టాను. సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగాను. కోపం దిగాక వెళ్లి తలుపు తట్టాను.

"మళ్లీ పీకడానికొచ్చావా?"

"లేదు తల్లీ. మధ్యలో పీకడం నా తప్పే. ఆ ఆటేంటో నాకూ చూపిస్తావా?"

అనుమానంగానే పక్కన చోటిచ్చింది. మ్యాచ్ మొదలైంది. తెరమీద మనుషులు ఆకాశంలోంచి దూకారు, పరుగులు, తుపాకులు, కూలిన ఇళ్లు. నాకేమీ అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. ఆ తర్వాత నన్ను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు.

"ఎడమ పక్క! గోడ వెనకాల ఒకడు నక్కాడు! కొట్టు, కొట్టవే!"

"నాన్నా, అరవకు! మైక్ ఆన్‌లో ఉంది!"

ఇయర్‌ఫోన్లోంచి దాని స్నేహితురాళ్ల నవ్వులు నాకూ వినిపించాయి. ఒక్కొక్కరే ఔటై, చివరికి మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఎదురుగా ఒకే ఒక్కడు. వాడు పడ్డాడు! గెలిచాం!

"శభాష్ రా తల్లీ!" అని చేతులు పైకెత్తి ఎగిరాను. చప్పట్లు కొట్టుకుంటూ దాని వైపు తిరిగాను.

అది నవ్వడం లేదు. కళ్లు ఎర్రగా, పొడిబారి ఉన్నాయి. బొటనవేలు అప్పుడే తర్వాతి మ్యాచ్ బటన్ మీదికి పోయింది. గెలిచిన మొహం కాదది. నాకు చాలా భయం వేసింది.

ఆపమని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"గెలిచావు కదా, సంతోషంగా లేదా?" అని మాత్రం అడిగాను.

వేలు ఆగింది.

"మొదట్లో ఉండేది. ఇప్పుడు... ఇదొక్కటే ఆడి ఆపేద్దామనుకుంటాను నాన్నా. రోజూ అనుకుంటాను. ఆగట్లేదు."

అంతే, ఏడ్చేసింది. నేను దగ్గరికి తీసుకున్నాను. మా ఆవిడ కూడా వచ్చి మంచం మీద కూర్చుంది. ముగ్గురం కలిసి మాట్లాడుకున్నాం. మ్యాచ్ పూర్తయ్యాకే ఆపాలి, ఎన్ని మ్యాచ్‌లు ఆడుతుందో ముందే అమ్మాయే చెప్పాలి. పడుకునేటప్పుడు ఫోన్లన్నీ హాల్లోనే, నాదీ అక్కడే. బ్యాడ్మింటన్‌కి దానితో పాటు నేనూ వెళ్లాలి. ఇంత చేసినా మన వల్ల కాకపోతే తన ఆసుపత్రిలో ఉన్న కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామని, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మా ఆవిడ చెప్పింది.

"మాట తప్పితే?" అంది అమ్మాయి.

"తప్పుతావు. ఒకటి రెండుసార్లు తప్పకుండా తప్పుతావు. తప్పానని వచ్చి చెప్పు, చాలు," అన్నాను.

"తిట్టవా?"

"తిట్టను."

నా మొహం వైపే చూసింది.

"మరి... మొన్న కడుపునొప్పని పరీక్షకి వెళ్లలేదు కదా. అబద్ధం నాన్నా. నొప్పి లేదు, ఏమీ లేదు. రోజంతా ఆడాను."

తిట్లన్నీ ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చాయి. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఊఁ," అన్నాను. "ఇంకా చెప్పు తల్లీ, వింటున్నాను."

అది చెప్పడం మొదలుపెట్టింది.