నూటికి యాభై

తూర్పు రీజియన్ మేనేజరుకు ఆ ఉదయం గుబులేమీ లేదు. మూడు నెలల అమ్మకాల సమీక్ష చదివేది మనమ్మాయే కదా అని ఒట్టి చేతులతో వచ్చి కూర్చున్నాడు. పిచ్చి మారాజు!

ఆ స్క్రిప్టు చదవడం అంత తేలికేమీ కాదు. సగంమంది మేనేజర్లు దారిలో కార్లోంచి ఫోన్లో వింటారు, కళ్లముందు కాగితం ఉండదు. ఆరేళ్ల కిందట ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ పిల్లకు ఓనమాలు దిద్దించింది ఈయనే. "వాక్యానికి ఒక్క అంకె చాలు తల్లీ. పన్నెండు పాయింట్ నాలుగు ఏడు అంటే ఎవరికెక్కుతుంది? నూటికి పన్నెండున్నర దాకా అను. ముందు ఎన్ని అమ్మామో చెప్పు, శాతం ఆ తర్వాతే." అప్పటినుంచీ ఆమెకు ఈయన బాబాయే.

నిన్న ఫోన్ చేసి మరీ వినిపించింది. "తూర్పులో నిరుడు ఇదే మూడు నెలల్లో వెయ్యి పంపులు అమ్మాం. ఈసారి తొమ్మిది వందల యాభై. అంటే నూటికి ఐదు తగ్గాయి. ఉత్తరంలో నిరుడు నలభై. ఈసారి అరవై. అంటే నూటికి యాభై పెరిగాయి." విని ఆయన మురిసిపోయాడు. ఇక తన రీజియన్‌కు ఢోకా లేదనుకున్నాడు.

మీటింగు గదిలో ఆమె గొంతు సవరించుకుంది. "ఉత్తరం, నూటికి యాభై పెరిగింది. తూర్పు, నూటికి ఐదు తగ్గింది." అంతే! పంపుల ఊసే లేదు. "అందుకని తూర్పును ఉత్తరంలో కలుపుతున్నాం. రెంటికీ మేనేజరుగా నేను బాధ్యత తీసుకుంటున్నాను."

ఆయన దిగ్గున లేచాడు. "ఉత్తరం అమ్మింది అరవయ్యేగా! మేం తొమ్మిది వందల యాభై!"

"కాగితం తెచ్చారా?" అన్నాడు డైరెక్టరు. తేలేదు. స్పీకర్ ఫోన్లోంచి ఎవరిదో కారు హారన్ వినిపించింది.

మీటింగు అయ్యాక లిఫ్టు దగ్గర ఆమె ఎదురుపడింది. "అన్ని అంకెలు చెవికి బరువన్నారు డైరెక్టరుగారు. ఆయనే తీసేయమన్నారు బాబాయ్."

"ఎప్పుడన్నారు?"

ఆమె లిఫ్టు బటన్ నొక్కింది.

"నిన్న నాకు చదివి వినిపించేటప్పటికే ఈ స్క్రిప్టు నీ చేతిలో ఉందా తల్లీ?"

"ఉంది."

"మరి ఆ పాతది ఎందుకు వినిపించావు?"

ఆమె తల వంచుకుంది. "లేకపోతే మీరు లెక్కలన్నీ పట్టుకుని వచ్చేవారు."

ఉద్యోగం పోతే పోయింది. నిన్న ఆ ఫోన్ పెట్టేశాక ఆయన, ఎంత బాగా రాసిందో అని ఇంట్లో భార్యకు కూడా చెప్పుకున్నాడు.