ముత్యాలప్ప చదివిన వీడ్కోలు ఉత్తరం

పెనుకొండ హైస్కూలు హెడ్మాస్టరు చెన్నకేశవులుకు ఆ ఆగస్టుతో యాభై అయిదు నిండుతున్నాయి, అంటే రిటైరు కావాలి. ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. పొడిగింపు రాక ఏమవుతుందిలే అనుకున్నాడు పాపం. జిల్లాలో ఎంత పనికిరాని వాళ్ళకు రాలేదని! తీరా వచ్చింది ఒకే ఒక్క వాక్యం. పొడిగింపుకు వీలులేదు, సీనియర్ అసిస్టెంటుకు చార్జి అప్పగించి రిలీవ్ కావలసింది.

ఊరుకునే మనిషా ఆయన? మరుసటి రోజే అనంతపురం రైలెక్కాడు. విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా ఆయన దగ్గర చదువుకున్నవాడే. టీ తాగుదాం రండి సార్ అని బయటికి తీసుకుపోయి, చెవిలో ఒక మాట వేశాడు. ఎవరో ఆకాశరామన్న అర్జీ పడేశారట. హెడ్మాస్టరుకు కళ్ళు తిరిగే జబ్బు ఉందని, జూలైలో ఆఫీసు గదిలోనే పడిపోయాడని, అయినా దాచిపెట్టి పని చేస్తున్నాడని అందులో ఉందట. కవరు మీద ధర్మవరం ముద్ర ఉందట. కాగితం మాత్రం చూపించలేనన్నాడు.

రైల్లో తిరిగి వస్తూ చెన్నకేశవులుకు ఎవర్నీ వెతకవలసిన పని లేకపోయింది. జూలైలో తను పడిపోయినప్పుడు గదిలో ఉన్నది ఒక్క ముత్యాలప్పే. లెక్కల అయ్యవారు, సీనియర్ అసిస్టెంటు. నీళ్ళు చల్లి లేపినవాడు అతనే, భుజం పట్టి ఇంటికి నడిపించుకుపోయినవాడూ అతనే. ఎవరికీ చెప్పవద్దప్పా అంటే సరే సార్ అన్నాడు. అతని అత్తవారిది ధర్మవరం. తను పోతే చార్జి ఎవరికి వస్తుంది? అతనికే. ఇంకేం కావాలి!

అప్పట్నుంచి ముత్యాలప్ప ఏం చేసినా ఆయనకు తప్పుగానే కనబడసాగింది. ఎండ మండుతోంది, పదో తరగతి నేను చూసుకుంటాలెండి అంటే, ఓహో అప్పుడే కుర్చీకి అలవాటు పడుతున్నాడు అనుకున్నాడు. సైన్సు గది సామాన్ల జాబితా ముందుగానే రాసి తెస్తే, ఎంత తొందరో చూడు అనుకున్నాడు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముత్యాలప్ప వాకిట్లో నిలబడి తన భార్య పార్వతమ్మతో ఏదో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఈయన్ని చూడగానే మాట ఆపేశాడు. ఆరోగ్యం ఎట్లుండాదో కనుక్కుని పోదామని వచ్చినా సార్ అని చల్లగా జారుకున్నాడు. ఇంకో అర్జీకి సరుకు కావలసి వచ్చిందేమో దొంగకు అని చెన్నకేశవులు పళ్ళు నూరుకున్నాడు. అడిగి కడిగేద్దామా అంటే చేతిలో రుజువు లేదు.

ఇక మిగిలింది వీడ్కోలు ఉత్తరం.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. పోయే హెడ్మాస్టరు సభలో తన ఉత్తరం తను చదవడు. పూలదండ మెడలో వేసుకుని కూర్చుంటాడు, చార్జి తీసుకునేవాడు నిలబడి చదువుతాడు. తర్వాత అది సర్క్యులర్ పుస్తకంలోకి ఎక్కుతుంది, అయ్యవార్లందరూ కింద సంతకాలు పెడతారు. అంటే పోయేవాడి చివరి మాట, వచ్చేవాడి నోటి నుంచి మొదటి మాట అన్నమాట. ఎవరు పెట్టారో గానీ మంచి పద్ధతే.

మొదట రాసింది నాలుగు పేజీలు వచ్చింది. హిందూపురంలో వీధి దీపం కింద చదువుకున్నది, బడి కట్టడానికి రాళ్ళు మోయించింది, క్రమశిక్షణ, బ్రహ్మచర్యం, దేశసేవ, అన్నీ దట్టించాడు. పార్వతమ్మకు చదివి వినిపిస్తే, ఆమె బియ్యం ఏరుతూ విని, అది అయ్యేలోపల పిల్లోళ్ళు ఎండకు పడిపోతారు అంది. ఆయనకు చురుక్కుమంది గానీ, మాట నిజమే. ఎన్ని వీడ్కోలు సభల్లో తనే ఆవలించలేదూ! తన చదువు సంగతి కొట్టేశాడు. రాళ్ళ సంగతి కొట్టేశాడు. నీతులన్నీ తీసేసి ఒక్కటి ఉంచాడు. పిల్లలకు ఒక ముక్క, ఉపాధ్యాయులకు ఒక ముక్క, అంతే. తను ఎప్పుడైనా చెయ్యి చేసుకుని ఉంటే మరచిపొమ్మని ఒక మాట. కోపం, దెప్పిపొడుపు, పై అధికారుల ప్రస్తావన ఉండకూడదు. పోయేవాడు గుమ్మంలో ఉమ్మి పోకూడదు కదా.

పేర్ల దగ్గరే వచ్చింది చిక్కు. అందరికీ కృతజ్ఞతలు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరికీ చెప్పనట్టే ఉంటుంది. పేర్లు రాస్తే ఒక్కటీ తప్పకూడదు, తప్పిందా, ఆ మనిషి చచ్చేదాకా మరచిపోడు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలిసే, ఇంట్లో కాదని బడిలో తన గదిలో కూర్చుని, పేర్లు రాశాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క మాట, ఆ మనిషికే సరిపోయేది. వానాకాలంలో కారే గదిలో గొడుగు పట్టుకుని పాఠం చెప్పిన తెలుగు పండితుడు, పిల్లల్ని ఆటలకు ధర్మవరం దాకా తీసుకుపోయి ఒక్కణ్ణీ తప్పిపోకుండా తెచ్చిన డ్రిల్లు మాస్టరు, గంట ఒక్కనాడూ మరచిపోని అటెండరు ఈరన్న, ఎండాకాలంలో దూరపు బావి నుంచి నీళ్ళు మోసిన ఎస్తేరమ్మ. అందరూ వచ్చారు. ముత్యాలప్ప రాలేదు.

కలం ఆ పేరు దగ్గర ఆగలేదని కాదు, ఆగింది. కాసేపు ఆగి ముందుకు పోయింది. వాడే చదువుతాడు, వాడి నోటితోనే అందరి పేర్లూ చదువుతాడు, తన పేరు కోసం వెతుక్కుంటాడు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు చెన్నకేశవులు. ఆ పూట ఆయనకు అన్నం రుచిగా తోచింది. మనిషి ఎంత చదువుకున్నా అంతే.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున తాళాలు, గ్లోబులు, మ్యాపులు, బీరువాలు అన్నీ సరిచూసుకుని ఇద్దరూ చార్జి కాగితం మీద సంతకాలు చేశారు. మధ్యాహ్నం మైదానంలో సభ. దండ మెడలో పడింది. ముత్యాలప్ప ఉత్తరం విప్పి, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"నా ప్రియమైన విద్యార్థులారా, ఈ రోజుతో మీ బడిలో నా పని పూర్తయింది. మీకు నేను చెప్పిన పాఠాలు మీరు మరచిపోతారు, పరవాలేదు. తెలియనిది తెలియదని చెప్పడానికి మాత్రం ఎన్నడూ సిగ్గుపడకండి. నేను కోపంలో ఎవరినైనా కొట్టి ఉంటే ఆ దెబ్బను ఇక్కడే వదిలిపెట్టి పొండి. మీరు బజారులో కనబడి నమస్కారం పెడితే, నాకు అదే పెద్ద జీతం."

పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత పేర్లు వచ్చాయి. గొడుగు మాట రాగానే పండితుడు తల వంచుకున్నాడు. ఎస్తేరమ్మ తన పేరు విని వేపచెట్టు వెనక్కి పోయింది. చెన్నకేశవులు మాత్రం ముత్యాలప్ప ముఖం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చివరి పేరు అయింది. కాగితంలో ఇంక రెండు వాక్యాలే ఉన్నాయి. ముత్యాలప్ప ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. "మీ అందరి ఆదరణకు చేతులెత్తి నమస్కరిస్తూ, మీ చెన్నకేశవులు" అని అదే గొంతుతో ముగించి, కాగితం మడిచి, వంగి ఆయన పాదాలకు దండం పెట్టాడు. వరుసలో అయ్యవార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుండె రాయి చేసుకున్నాడు దొంగ అని చెన్నకేశవులు మనసులోనే తిట్టుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో పార్వతమ్మ దండ విప్పి గూట్లో పెట్టింది. సభ ఎట్లా జరిగిందో అడిగింది. పిల్లలు ఏడ్చారా, ఎస్తేరమ్మ వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగి, చివరికి ముత్యాలప్పను గురించి ఏం రాశారు అంది. ఆయన గోడవైపు చూస్తూ, ఏమీ రాయలేదు, నా నోటి కాడి కూడు లాక్కున్నోడికి ఏం రాయాల అన్నాడు. అర్జీ సంగతి, ధర్మవరం ముద్ర సంగతి అంతా అప్పుడే మొదటిసారి బయటపెట్టాడు.

పార్వతమ్మ చతికిలబడిపోయింది.

"ఆ అర్జీ వేయించింది నేను" అంది. "మీరు చూపించుకున్న హిందూపురం డాక్టరు ఏం చెప్పినాడో మీరు నాకు చెప్పలే, నేనే పోయి అడిగి తెలుసుకుంటి. ఇంకో యాడాది బడిలో నిలబడితే మనిషి దక్కడన్నాడు. మీరు యాడ వింటారు నా మాట? ముత్యాలప్పను పిలిచి రాసియ్యమన్నా. సార్‌కు తెలీకుండా నేను ఆ పని చెయ్యనమ్మా అని చేతులు జోడించినాడు. నేనే ధర్మవరం పోయి నీలావతి మొగుని చేత రాయించినా."

నీలావతి ఆమె చెల్లెలు. పోయిన నెల చెల్లెలి ఇంటికని పోయి రెండు రోజులు ఉండి వచ్చిన సంగతి చెన్నకేశవులుకు గుర్తుంది. ధర్మవరం అంటే తనకు ముత్యాలప్ప అత్తవారిల్లే తోచింది గానీ, తన తోడల్లుడి ఇల్లు తోచలేదు. ఆయనకు భార్య మీద కోపం రావలసింది. రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది.

మరునాడు గంట కొట్టకముందే బడికి పోయాడు. ఆఫీసు గదిలో ముత్యాలప్ప గభాల్న లేచి కుర్చీ చూపించాడు. చెన్నకేశవులు అందులో కూర్చోలేదు, ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. ముందే చెప్పి ఉండవచ్చు కదప్పా అన్నాడు. అమ్మ చెప్పొద్దన్నాది సార్ అన్నాడు ముత్యాలప్ప, అంతే. చెన్నకేశవులు సర్క్యులర్ పుస్తకం అడిగాడు. ముత్యాలప్ప పేరు చేర్చి, ఈ పూట ప్రార్థనలో తనే నిలబడి చదువుతానన్నాడు. దానికి ఏం మాట రాయాలో దారిలోనే కూర్చుకున్నానన్నాడు.

ముత్యాలప్ప పుస్తకం బీరువాలోంచి తీయలేదు.

"వద్దు సార్. నిన్న సభ అయినంక అయ్యవార్లు అందరూ అడిగినారు, నీ పేరు ఎందుకు లేదని. నేనే వద్దని సార్‌ను బతిమాలినా, నా పేరు నేనే చదువుకుంటే బాగుండదు కదా అని చెప్పినా. పిల్లోళ్ళకూ అదే చెప్పినా. ఇప్పుడు మీరు రాస్తే నేను అబద్ధం చెప్పినట్ల తేలుతుంది. ఎందుకు చెప్పినావని మళ్ళా అడుగుతారు."

చెన్నకేశవులు అతని చేతులు పట్టుకున్నాడు. పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బయట ఈరన్న ప్రార్థన గంట కొట్టాడు. పిల్లలు వరుసల్లోకి పరుగెత్తుతున్నారు. ముత్యాలప్ప పైపంచెతో ఆయన ముఖం తుడిచి, మీరు వెనక వాకిలి నుంచి పోండి సార్, పిల్లోళ్ళు చూస్తారు అని, ప్రార్థనకు బయలుదేరాడు.