బేసిన్ కింద తల

ప్లంబర్ వాష్‌బేసిన్ కింద వెల్లకిలా పడుకున్నాడు. నేనూ అత్తయ్యా గుమ్మంలో నిలబడ్డాం.

యాసిడ్లూ మందులూ ఇంట్లోకి రాకూడదని అత్తయ్య మాట. పొద్దున ఆవిడ చూడకుండా ఆ బేసిన్‌లో గొట్టం అడ్డు కరిగించే మందు సగం సీసా పోశాను. అయినా నీళ్లు నత్తనడకే.

"అంచు కింద చిల్లుంది కదా, నీళ్లు అటు పోవేం?" అంది అత్తయ్య.

"ఆ చిల్లు నీళ్లూ బేసిన్ పొరల మధ్య నుంచి దిగి ఈ గొట్టంలోకే వస్తాయమ్మా. అడ్డు ఇంకా కిందుంది. కుళాయి వెనక పుల్ల నొక్కితే మూత లేస్తుంది కదా? దాన్ని లేపే కడ్డీ గొట్టంలో అడ్డంగా ఉంటుంది. వెంట్రుకలన్నీ దానికే చుట్టుకుంటాయి. ఈ నట్టు విప్పి కడ్డీ లాగితే చాలు, ఏ మందూ అక్కర్లేదు."

రెంచీ నట్టుకు తగిలింది. సరిగ్గా దాని కిందే అతని కళ్లు. చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే ఆ కళ్లు పోతాయి.

"అన్నా, విప్పకు. అందులో మందు పోశాను."

రెంచీ ఆగింది. అతను మెల్లగా పక్కకు జరిగి లేచాడు.

"కిటికీ తెరువమ్మా," అన్నాడు. కుళాయి సన్నధారగా వదిలి గంటసేపు పారనిచ్చాడు. తర్వాత కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, బకెట్ పెట్టి, పక్కనుంచి నట్టు విప్పాడు. కడ్డీ తీసి, మూత పైకెత్తితే ఎలుకతోకంత జుట్టు వచ్చింది.

"తిడతారా అత్తయ్యా?" అన్నాను.

"తిడతాను. ముందు అతనికి మంచినీళ్లివ్వు."

నీళ్ల గ్లాసుతో పాటు, మిగిలిన సగం సీసా కూడా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.