తేలికైన పెట్టె

ఆసరా చెక్కలు విప్పగానే స్లాబు అడుగున కంకర పళ్లికిలించినట్టు బయటపడింది. రాళ్ల మధ్య వేలు పట్టేంత సందులు. వహాబ్ మేస్త్రీ వేలితో గీరితే సిమెంటు మాలు పొడిపొడిగా రాలింది.

ధాన్యం వ్యాపారి రామలింగం గోదాముకు స్లాబు పోసి నెలైంది. యుద్ధపు రోజులు, సిమెంటు పర్మిట్ మీద దొరకడమే గగనం. బస్తాలు ఎవరికి అమ్ముకున్నావో చెప్పమని రామలింగం కూలీల ముందే వహాబ్‌ను అడిగాడు. ముప్పయ్యేళ్లుగా వరంగల్‌లో కట్టిన గోడలన్నీ ఆ ఒక్కమాటతో కూలినట్టయింది వహాబ్‌కు. తిరిగి అరవడానికి ఓపిక లేదు. సిమెంటు ఒకటికి ఇసుక రెండు, కంకర నాలుగు, ప్రతి కొలపెట్టె తన కళ్ల ముందే పలకతో అంచుకు సమంగా గీయించానని మాత్రం చెప్పాడు. ఆ కొలత మీద అతనికి దేవుడి మీద ఉన్నంత నమ్మకం.

పని చూడడానికి వచ్చిన ఓవర్‌సీర్ రాజేశ్వర్ రావు ఇసుక గుప్పిట పట్టి చూశాడు. ముసురుకు తడిసి ముద్దవుతోంది. అప్పుడు పెట్టెలు మోసే సమ్మమ్మ నోరు విప్పింది.

"ఎండకాలంల పెట్టె లేపితె నడుం ఇరిగేది సారూ. వానలు పడ్డకాంచి అల్కగైంది. మా పానం సుఖమైందనుకున్న."

తడి ఇసుక బరువు కదా, తేలికెట్లా అవుతుందని రామలింగం ఎగతాళి చేశాడు. ఓవర్‌సీర్ నవ్వలేదు. కిరసనాయిల్ డబ్బా నిండా ఆ ఇసుకే గీసి పోయించాడు. అలాంటిదే మరో డబ్బాలో సగం నీళ్లు పోసి, ఇసుకనంతా అందులోకి వంచి, చువ్వతో కుదిపాడు. నిండా ఉన్న ఇసుక నాలుగువేళ్లు కిందికి దిగిపోయింది.

ఓవర్‌సీర్ విప్పి చెప్పాడు: చెమ్మ తగిలితే రేణువులు ఎడంఎడంగా నిలిచి ఇసుక ఉబ్బుతుందట. నీళ్లలో పూర్తిగా మునిగితే మళ్లీ కూర్చుంటుందట. పెట్టె నిండింది గాని ఇసుక తక్కువే పడింది. రాళ్ల సందులు నింపడానికి చాలలేదు. మాలు గరుకుగా ఉందని వహాబ్ అదనంగా నీళ్లు కూడా పోయించాడు, దాంతో బలం ఇంకా పోయింది.

రామలింగం తల దించుకుని, తప్పుగా అన్నానని ఒప్పుకున్నాడు. ఉన్న సిమెంటుతో ఈ స్లాబు మళ్లీ పోద్దామన్నాడు. దొంగ కాదని తేలింది, ఇంటికి పోయి పడుకోవచ్చు. కానీ వహాబ్ చూపు ముందటి వరండా కప్పు మీదికి పోయింది. అదీ వానల్లో పోసిందే. అడుగున కనబడ్డ బొక్కల్ని మాలు సరిగ్గా కుదించక వచ్చిన లోపమనుకుని, తనే చప్పుడు చేయకుండా పూత పూసి మూసేశాడు. ఇప్పుడు దాని కింద హమాలీలు బస్తాలకు ఆనుకుని బీడీలు కాలుస్తున్నారు. పూత నున్నగా ఉంది. ఎవరికీ అనుమానం లేదు.

 వహాబ్ రామలింగం వైపు తిరిగాడు.

"సేటూ, వరండా గూడ గిదే ఉసికె. పూత ఏసి నేనే దాసిన. ఆళ్లను అవతలికి పొమ్మను, పలగ్గొట్టాలె."

రామలింగం ముఖం మళ్లీ మారింది. వహాబ్ అది చూడడానికి ఆగలేదు, సమ్మెట కోసం పోయాడు.