నమూనా నేసిన చేయి

శాలువాల షాపుకు పంపిన ఆ ఉత్తరంలో నేను రాసిన అబద్ధం ఒక్కటే. మిగతాదంతా అక్షరాలా నిజం. నూట ఇరవై శాలువాలు, పండుగకు ఇరవై రోజుల ముందే అందజేస్తాం. నలభై శాతం డబ్బు ఆర్డరుతో పాటు, ముప్పై శాతం సగం సరుకు తనిఖీ అయ్యాక, చివరి ముప్పై శాతం సరుకంతా అందిన పదిహేను రోజుల్లో ఇవ్వాలి. నమూనా గుడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి షాపుకు పంపాం, ఒకటి మా నేత సొసైటీ బీరువాలో పెట్టాం. దాంతో సరిపోలని శాలువా వెనక్కి వస్తుంది.

షాపువాళ్లు ఇంకో షరతు పెట్టారు. నమూనా నేసినవారే పనంతా దగ్గరుండి చూసుకోవాలి.

నమూనా నేసింది మా అక్క. నమూనా పంపిన మూడో వారానికే జ్వరంతో పోయింది. ఆ సంగతి రాస్తే ఆర్డరు పోతుందని ప్రెసిడెంటు మావయ్య గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. చిక్కు వచ్చినప్పుడల్లా ఆయనకు గోడే కనిపిస్తుంది. సెక్రటరీని నేను, సంతకం నాది. పన్నెండు ఇళ్లలో మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. "నమూనా నేసినవారే మొదటి శాలువా నుంచి చివరి శాలువా దాకా పర్యవేక్షిస్తారు" అని రాసి ముద్ర గుద్దాను.

అడ్వాన్సు వచ్చింది. నూలు కొన్నాం, మగ్గాలు కదిలాయి.

పదో రోజున పొడుగు బాబాయ్ ఆఫీసుకొచ్చాడు. మా నేతగాళ్లలో పెద్దవాడు. ఏ గుమ్మమైనా తల వంచే దాటాలి పాపం.

"అమ్మాయ్, నేను అన్నానికి లేచి వెళ్లొచ్చేసరికి నేసింది జానెడు విప్పేసి ఉంది."

"ఎలకలేమో బాబాయ్."

"ఎలకలు విప్పిన నూలు తిరిగి కండెకు చుట్టి పెడతాయా? అంచు వంకరపోయిన చోటి దాకానే విప్పారు. ఒక్క పోగు కూడా ఎక్కువ తియ్యలేదు. తలుపు గడియ వేసే ఉంది."

అక్క అలవాటే అది. ఎవరి అంచైనా వంకరపోతే తిట్టేది కాదు. వాళ్లు అన్నానికి లేచినప్పుడు వెళ్లి, ఒక్కో పోగూ వెనక్కి తీసి, కండెకు చుట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చేసేది.

వారం తిరిగేసరికి పన్నెండు ఇళ్లలోనూ అదే మాట. మధ్యాహ్నం అన్నాల వేళ మగ్గం గదిలోకి తొంగిచూడటానికి ఎవరికీ ధైర్యం లేదు. భయపడుతూనే నేశారు. పని మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది.

సగం సరుకు తనిఖీకి షాపు నుంచి ఒకావిడ వచ్చింది. అరవై శాలువాలూ బల్లమీద పరిచి, భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టింది. తను తెచ్చిన నమూనా ముక్కను ఒక్కో అంచు పక్కన పెట్టి చూసింది.

"అన్నీ ఒకే చేతి పనిలా ఉన్నాయండీ. ఆవిణ్ణి ఒకసారి చూడొచ్చా?"

"ఒంట్లో బాగోలేదండీ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో విడత డబ్బు పడింది. శాలువాలు వంద దాటాయి. అప్పుడు బాబాయ్ ఒక కండె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నూలు తడిగా, గోరువెచ్చగా ఉంది.

"నీళ్లు తగల్లేదమ్మాయ్. ఈమధ్య విప్పినవన్నీ ఇలాగే ఉంటున్నాయి."

నమూనా నేస్తున్నప్పుడే అక్కకు జ్వరం, అరచేతులు చెమటతో కారిపోయేవి. పడుకోవే అంటే "నమూనా పూర్తి కానీ, తర్వాత పడుకుంటా" అనేది. నేను గట్టిగా చెప్పలేదు. నమూనా నాకూ కావాలి మరి.

ఆ రోజే షాపు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకో మూడు వందల శాలువాలు కావాలట. అవే షరతులు, అదే పర్యవేక్షణ.

"పాత ఉత్తరమే దించెయ్, అంకె మార్చు" అన్నాడు మావయ్య.

కాగితం తీసుకుని, నమూనా నేసిన మా అక్క మొదటి ఆర్డరుకు ముందే చనిపోయిందని రాశాను. దాచినందుకు క్షమించమన్నాను. ఇకమీదట నమూనా ముక్క చూసుకుని పన్నెండు మందిమీ మేమే నేస్తామని, సరిపోలనివి వెనక్కి పంపమని రాశాను.

మావయ్య మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "చివరి ముప్పై శాతం ఆపేస్తే?"

"ఆపితే ఆపనీ. అక్క చేత ఇంక పని చేయించలేను మావయ్యా."

ఉత్తరం నేనే పోస్టు చేశాను. దానికి జవాబు ఇంకా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఆయన అన్నం తిని వచ్చాక ఇద్దరం మగ్గం దగ్గర నిలబడ్డాం. వంకరపోయిన అంచు వంకరగానే ఉంది. కండె పొడిగా ఉంది.

"ఇవాళ రాలేదమ్మాయ్" అన్నాడు బాబాయ్.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. బాబాయ్ పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ఇద్దరం కూర్చుని ఒక్కో పోగూ విప్పాం.

ఆ జానెడు విప్పడానికి మాకు సాయంత్రం దాకా పట్టింది. అక్క ఆ పని పన్నెండు ఇళ్లలో, ఆ జ్వరంతోనే, మా అన్నాలు అయ్యేలోగా చేసేది.