కాళ్ల వైపు కొండ

డాక్టర్ గోదాకు సంగతి అంతుపట్టడం లేదు. అంతరిక్షంలో బరువు తెలియని ఒంటికి ఏమవుతుందో చూడాలని, పరీక్షకు ఒప్పుకుని వచ్చిన మురుగేష్‌ను కొన్నాళ్లుగా తల పల్లంగా, కాళ్లు ఎత్తుగా ఉన్న మంచం మీద పడుకోబెట్టింది. నెత్తురు తలవైపు చేరి మొహం ఉబ్బింది, ముక్కు దిబ్బడ వేసింది. పిక్కలు సన్నబడ్డాయి. ఎముకల్లోని కాల్షియం మూత్రంలో పోతోంది. ఈ పొద్దున మాత్రం మొహం వాపు తీసింది, ముక్కు తేలికపడింది.

"లేచి కూర్చున్నావా మురుగేష్?"

"లేదు మేడం. నిన్న ఉతకను కిటికీ కర్టెన్ తీసినారు. సూస్తే నా కాళ్ల మధ్యలో తిరుమల కొండ! స్వామి పక్కకు కాళ్లెట్ల సాపేది? రాత్రంతా తల ఎత్తు పక్కకు మార్చి పండుకున్నాను. పొద్దున కర్టెన్ మళ్లా ఏసినాకే ఇట్ల తిరిగినాను."

ఇన్నాళ్ల పరీక్ష ఒక్క రాత్రిలో పాడైపోయింది. గోదా కేకలేయబోయి ఆగిపోయింది. తరతరాలుగా ఆ స్వామి కైంకర్యం చేసే ఇంట్లో పుట్టి, ఆ మంచాన్ని అటు వేయించింది తనే.